ఇబిడ్, ఎట్ ఆల్, సి.ఎఫ్.: ఫుట్‌నోట్‌లో ఏది ఏం చెబుతుంది?

పరిశోధన గ్రంథంలో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఇబిడ్, ఆప్ సిట్, సి.ఎఫ్. లాంటి లాటిన్ పొట్టి రూపాలను చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు. అవన్నీ "ఆధారం ఇక్కడ ఉంది" అని చెప్పే ఒకే రకం గుర్తులని అనుకోవడమే అందుకు కారణం. నిజానికి వాటి పనులు వేరు. ఇబిడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఎట్ ఆల్ ఇక్కడ రాయని పేర్లు ఇంకా ఉన్నాయని చెబుతుంది. సి.ఎఫ్. మాత్రం ఆ ఆధారానికీ, రచయిత అన్న మాటకీ మధ్య ఉన్న సంబంధం ఎలాంటిదో చెబుతుంది. ఈ తేడా తెలియకపోతే పాఠకుడు తప్పు పుస్తకం తెరుస్తాడు, లేదా రచయిత అనని మాటను ఆయనకు అంటగడతాడు.

ముందు ఇబిడ్ సంగతి. ఇది ఇబిడెమ్ అనే లాటిన్ మాటకు పొట్టి రూపం, అర్థం "అదే చోట". అదే చోట అంటే సరిగ్గా ముందు నోట్‌లో చెప్పిన చోట. రెండు నోట్ల వెనక్కీ కాదు, అధ్యాయం మొదట్లోకీ కాదు. ఇబిడ్‌కు సొంత చిరునామా లేదు. పై నోట్ ఏది చెబితే ఇదీ అదే చెబుతుంది. పై నోట్ మారిపోతే దీని అర్థం కూడా చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. ఇబిడ్‌తో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. రచయితల పేర్ల బదులు అక్షరాలు పెట్టుకుంటే, ఒక అధ్యాయంలో నోట్లు ఇలా ఉన్నాయి:

```
12. A, p. 45.
13. Ibid., p. 52.
14. Ibid.
15. B, p. 10; C, p. 88.
16. Ibid., p. 90.
```

పన్నెండో నోట్ స్పష్టంగానే ఉంది: A రాసిన పుస్తకం, 45వ పేజీ. పదమూడో నోట్ అదే పుస్తకం, కాకపోతే 52వ పేజీ. పద్నాలుగో నోట్‌లో పేజీ నంబరు లేదు. రచయిత మరిచిపోయాడని అనుకోకూడదు. ఇబిడ్ ఒంటరిగా ఉంటే పుస్తకమే కాదు, పేజీ కూడా మారలేదని అర్థం. అంటే ఇదీ A పుస్తకంలో 52వ పేజీయే. పన్నెండో నోట్‌లోని 45 ఇప్పుడు లెక్కలో లేదు.

పదహారో నోట్ దగ్గర బండి ఆగిపోతుంది. పై నోట్‌లో రెండు ఆధారాలున్నాయి, B ఒకటి, C ఒకటి. 90వ పేజీ ఎవరిది? 88 తర్వాత 90 కాబట్టి C అయి ఉంటుందని ఊహించవచ్చు. ఆ ఊహ నిజమే కావచ్చు కూడా. కానీ ఆధారం చూపించే చోట పాఠకుడు ఊహించాల్సి వస్తే ఆ నోట్ తన పని చేయనట్టే. అందుకే పై నోట్‌లో ఒకే ఒక్క ఆధారం ఉన్నప్పుడు మాత్రమే ఇబిడ్ వాడాలన్నది నియమం. రెండుంటే రచయిత పేరు మళ్లీ రాయాల్సిందే.

ఇక్కడిదాకా కంటికి కనబడే తప్పు. అసలు ప్రమాదం కనబడకుండా వస్తుంది. ఈ అధ్యాయం రాసిన వ్యక్తి కొన్ని నెలల తర్వాత దాన్ని దిద్దుతూ, పన్నెండో నోట్ తర్వాత ఒక కొత్త వాక్యం చేర్చాడనుకుందాం. దానికి ఆధారం D అనే పుస్తకం, 7వ పేజీ. వర్డ్ ప్రాసెసర్ నంబర్లన్నీ తనంతట తానే సర్దేస్తుంది, చూడ్డానికి అంతా శుభ్రంగా ఉంటుంది:

```
12. A, p. 45.
13. D, p. 7.
14. Ibid., p. 52.
15. Ibid.
```

ఇప్పుడు పద్నాలుగు, పదిహేను నోట్లు A ని వదిలేసి D ని చూపిస్తున్నాయి. ఒక్క అక్షరం కూడా ఎవరూ చెరపలేదు. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. D పుస్తకంలోనూ 52వ పేజీ ఉంటుంది కాబట్టి ప్రూఫ్ చూసేవాళ్లకూ అనుమానం రాదు. చాలా ఏళ్ల తర్వాత ఎవరో ఒక విద్యార్థి ఆ పేజీ తెరిచి, అక్కడ చెప్పిన విషయం లేదని చూసి, మూల రచయిత కల్పించి రాశాడని అనుకునే అవకాశం ఉంది. చేసింది ఒక వాక్యం చేర్చడం మాత్రమే, పడేది మాత్రం నిజాయితీ మీద మచ్చ. నోట్ చేర్చినా ఇదే జరుగుతుంది, తీసేసినా ఇదే జరుగుతుంది. ఒక పేరాను పైకో కిందికో జరిపితే ఒకేసారి రెండు చోట్ల గొలుసు తెగుతుంది: పేరా ఎక్కణ్నుంచి వెళ్లిందో అక్కడ ఒకటి, ఎక్కడికి వచ్చిందో అక్కడ ఇంకొకటి.

తెగిన గొలుసును పాఠకుడు పసిగట్టగల గుర్తులు కొన్ని ఉన్నాయి. పై నోట్‌లో ఉన్నది పత్రికలో వచ్చిన వ్యాసమై, అది 210 నుంచి 235 వరకు పేజీల్లో అచ్చయి ఉంటే, దాని కింద "ఇబిడ్, 52" అని రావడం కుదరదు. అక్కడ మధ్యలో ఏదో చేరిందన్నమాట. పై నోట్‌లో పేజీ నంబరే లేకుండా పుస్తకం మొత్తాన్ని చూపించి, కింద ఒంటరి ఇబిడ్‌తో ఒక నిర్దిష్టమైన సంఖ్యకో తేదీకో ఆధారం చూపినా అనుమానించాల్సిందే. అధ్యాయం తొలి నోట్ ఇబిడ్‌తో మొదలైతే, ఆ అధ్యాయాన్ని ఇంకో చోటు నుంచి కత్తిరించి తెచ్చి ఉంటారు. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు విషయమే: పై వాక్యం పన్నుల గురించి, కింది వాక్యం అంటువ్యాధుల గురించి అయితే, రెంటికీ ఒకే పుస్తకం ఆధారమా అని ఆగి చూడాలి. అనుమానం వచ్చినప్పుడు చేయాల్సింది కూడా సులువే. ఇంకో నోట్ పైకి వెళ్లి, అక్కడున్న పుస్తకంలో అదే పేజీ తెరిచి చూడాలి. గొలుసు తెగిన చోట్ల సరైన ఆధారం చాలావరకు ఒక మెట్టు పైనే దొరుకుతుంది.

జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆధారాలు చేర్చేవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ. అందులో ఇబిడ్‌ను ఎవరూ టైప్ చేయరు. ప్రతి నోట్‌లో ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది మాత్రమే దాచి ఉంటుంది. ఎంచుకున్న పద్ధతిలో ఇబిడ్‌కు చోటుంటే, పై నోట్‌ను చూసి సాఫ్ట్‌వేరే దాన్ని పెడుతుంది, మధ్యలో కొత్త నోట్ వస్తే తీసేసి పేరు రాస్తుంది. కాకపోతే అది తనకు తెలిసిన ఆధారాలనే లెక్కపెడుతుంది. తొందరలో చేత్తో టైప్ చేసిన పుస్తకం పేరు దానికి మామూలు అక్షరాల కిందే లెక్క. సగం సాఫ్ట్‌వేర్‌తో, సగం చేత్తో చేసిన థీసిస్‌లో అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. చేత్తోనే రాసేవాళ్లకు మాత్రం ఒక్కటే మంచి దారి: రాతప్రతి పూర్తయ్యేదాకా ఇబిడ్ జోలికి పోకుండా ప్రతి నోట్‌లో పేరు రాసుకోవడం, అన్ని మార్పులూ అయిపోయాక, మరీ అవసరమైతే, చివర్లో ఇబిడ్‌గా మార్చడం.

అవసరం తగ్గిపోయిందన్న మాట కూడా నిజమే. మానవీయ శాస్త్రాల్లో విరివిగా పాటించే రచనా నియమాల పుస్తకం చికాగో మాన్యువల్, 2017లో వచ్చిన 17వ కూర్పులో ఇబిడ్‌కు బదులు రచయిత ఇంటిపేరు, కుదించిన శీర్షిక, పేజీ నంబరు ఇచ్చే పద్ధతినే మేలన్నది. కారణం స్క్రీన్. అచ్చు పుస్తకంలో పై నోట్ అదే పేజీలో కళ్ల ముందుంటుంది. ఈ-పుస్తకంలో నంబరు మీద నొక్కితే ఆ ఒక్క నోటే తెరుచుకుంటుంది. అందులో "ఇబిడ్" అని మాత్రమే ఉంటే పాఠకుడి చేతికి వచ్చింది ఏమీ లేదు. పైగా పొట్టి శీర్షికతో పోలిస్తే ఇబిడ్ వల్ల మిగిలే చోటు కూడా పెద్దగా ఉండదు. ఈ వాదన బలమైనదే అనిపిస్తుంది. పాఠకుడికి రెండు సెకన్లు కూడా ఆదా చేయని పొట్టి రూపం వల్ల ఎవరికి ఉపయోగం?

ఇబిడ్ చేరలేని దూరానికి పుట్టిందే ఆప్ సిట్. మధ్యలో వేరే ఆధారాలు వచ్చాక పాత పుస్తకానికి తిరిగి వెళ్లాలంటే "A, ఆప్ సిట్, 60" అని రాస్తారు, అంటే "A రాసిన, ముందు చెప్పిన పుస్తకంలో". ముందంటే ఎంత ముందు? అది చెప్పదు. ఎనభై నోట్ల వెనక అయినా కావచ్చు, పాఠకుడు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. అదే రచయితవి రెండు పుస్తకాలు అప్పటికే వచ్చి ఉంటే ఏ పుస్తకమో తేలదు. చికాగో మాన్యువల్ దీన్ని ఇబిడ్ కన్నా ముందే పక్కన పెట్టింది, అది న్యాయమే. దీనికి తోబుట్టువు లోక్ సిట్ ఇంకా ఇరుకైనది. పుస్తకం, పేజీ రెండూ ముందు చెప్పినవే అన్నప్పుడే అది పనికొస్తుంది. అందుకని లోక్ సిట్ పక్కన కొత్త పేజీ నంబరు కనబడితే రాసినవాళ్లకు ఆ మాట అర్థం తెలియదని వెంటనే చెప్పవచ్చు. పాత పుస్తకాలు చదివేవాళ్లకు ఈ రెండూ ఇంకా ఎదురవుతూనే ఉంటాయి కాబట్టి తెలిసి ఉండటం మంచిది, కొత్తగా రాసేవాళ్లు వాడకపోవడం ఇంకా మంచిది.

ఎట్ ఆల్ దగ్గర చిక్కు వేరే రకం. లాటిన్‌లో "ఎట్" అంటే "మరియు". "ఆల్" అన్నది "ఆలియై", అంటే "ఇతరులు" అన్న మాట ముక్క. ఎట్ పూర్తి మాట కాబట్టి దాని తర్వాత చుక్క రాదు, ఆల్ తర్వాతే వస్తుంది: `et al.` సరైన రూపం, `et. al.` తప్పు. దీని అర్థంలో తికమక లేదు, ఎప్పుడు వాడాలన్నదే పద్ధతిని బట్టి మారుతుంది. మనస్తత్వ శాస్త్రం, విద్య లాంటి రంగాల్లో నడిచే ఎ.పి.ఎ. పద్ధతి ఏడో కూర్పు ప్రకారం ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది రచయితలుంటే, వ్యాసంలో మొదటిసారి నుంచే మొదటి పేరు రాసి ఎట్ ఆల్ పెట్టేస్తారు. అదే పద్ధతిలో చివరి ఆధారాల జాబితాలో మాత్రం ఇరవై మంది దాకా అందరి పేర్లూ రాయాలి. అంటే వ్యాసంలోని ఎట్ ఆల్ పాఠకుడికి చెప్పేది "మిగతా పేర్లు జాబితాలో ఉన్నాయి" అని. వైద్య పత్రికలు చాలా వాటిలో జాబితాలోనే మొదటి ఆరుగురి తర్వాత ఎట్ ఆల్ వచ్చేస్తుంది. అక్కడ మిగతావాళ్ల పేర్లు కావాలంటే అసలు వ్యాసమే తెరవాలి.

రెండు వ్యాసాలు ఒకే రూపంలోకి కుదించుకుపోయినప్పుడు దీనితో అసలు గందరగోళం మొదలవుతుంది. 2018లో A, B, C, D, E కలిసి ఒక వ్యాసం రాశారు, అదే ఏడాది A, B, F, G, H కలిసి ఇంకొకటి రాశారు. రెండూ "A ఎట్ ఆల్, 2018" అయిపోతాయి. అప్పుడు తేడా తెలిసేంతవరకు పేర్లు పొడిగించాలి: "A, B, C ఎట్ ఆల్" ఒకటి, "A, B, F ఎట్ ఆల్" రెండోది. రచయితలు ముగ్గురేసి అయితే, అంటే A, B, C ఒకటి, A, B, D ఇంకొకటి అయితే, A, B దాకా పొడిగించాక మిగిలేది ఒక్క పేరే. ఆలియై బహువచనం, ఒక్కరి స్థానంలో అది నిలబడదు. కాబట్టి అక్కడ ఎట్ ఆల్ మానేసి ముగ్గురి పేర్లూ రాస్తారు. ఇది చాదస్తంలా కనబడవచ్చు. కానీ ఒకే పరిశోధక బృందం ఏడాదిలో నాలుగైదు వ్యాసాలు వేసే రంగాల్లో, ఈ నియమం పాటించకపోతే ఒక ప్రయోగం ఫలితాన్ని ఇంకో ప్రయోగానికి అంటగట్టడం ఖాయం.

ఎట్ ఆల్ చెప్పని విషయం కూడా ఒకటుంది: మొదట కనబడే పేరు ముఖ్య పరిశోధకుడిదా కాదా అన్నది. జీవశాస్త్ర, వైద్య రంగాల్లో సాధారణంగా ఎక్కువ పని చేసినవాళ్ల పేరు ముందుంటుంది. గణితంలో, అర్థశాస్త్రంలో అక్షరక్రమం పాటించడం మామూలు. కణ భౌతికశాస్త్రంలోని పెద్ద ప్రయోగాల్లోనూ అంతే. 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికలో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద అట్లాస్, సి.ఎం.ఎస్. అనే రెండు ప్రయోగాల బృందాలు కలిసి ఇచ్చిన వ్యాసానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల ఆ వ్యాసంలో శాస్త్రం తొమ్మిది పేజీలే, మిగతా 24 పేజీలూ రచయితల, సంస్థల పేర్లే. దాన్ని ఉటంకించేవాళ్లు "ఆడ్ ఎట్ ఆల్" అని రాస్తారు. ఆ ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరక్రమంలో అందరికన్నా ముందు వస్తుంది కాబట్టి అది కనబడుతోంది, మిగతా 5,153 మంది "ఆల్"లో ఉన్నారు. అక్కడ మొదటి పేరును చూసి ఆ పని ఎవరిదో నిర్ణయించే ప్రయత్నం చేయకూడదు.

ఇప్పుడు సి.ఎఫ్. ఈ మూడింటిలో అందరూ ఎక్కువగా తప్పు వాడేదీ, సరిగా వాడితే పాఠకుడికి ఎక్కువ సమాచారం ఇచ్చేదీ ఇదే. ఇది కాన్ఫర్ అనే ఒక్క మాటకు పొట్టి రూపం, "పోల్చి చూడు" అని పాఠకుడికి చెప్పే మాట. ఒక్క మాటే కాబట్టి ఒక్క చుక్కే: `cf.` అని రాయాలి, `c.f.` కాదు. చాలామంది దీన్ని "చూడండి" అన్న అర్థంలో, తమ మాటకు మద్దతుగా ఉన్న పుస్తకాల ముందు కూడా పెట్టేస్తారు. మద్దతు ఇచ్చే ఆధారానికి సి.ఎఫ్. అక్కర్లేదు, నేరుగా పుస్తకం పేరు రాస్తే చాలు. "ఇక్కడ ఏదో తేడా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి" అని చెప్పాల్సి వచ్చినప్పుడే దాని అవసరం.

ఆ తేడా ఏమిటన్నది కూడా రంగాన్ని బట్టి ఉంటుంది. అమెరికా న్యాయ రచనలో వాడే బ్లూబుక్ నియమాల్లో దీని అర్థం చాలా కచ్చితం: ఉటంకించిన తీర్పు రచయిత చెప్పిన మాటనే చెప్పడం లేదు, వేరే విషయం మీద ఉంది, అయితే పోలిక వల్ల రచయిత మాటకు బలం ఇస్తుంది. సంబంధం అంత సన్నగా ఉంటుంది కాబట్టి, సి.ఎఫ్. పెట్టినప్పుడు ఆ పోలిక ఏమిటో పక్కనే బ్రాకెట్లలో వివరించమని ఆ నియమాలు గట్టిగా చెబుతాయి. చరిత్ర, సాహిత్య రచనల్లో అంత కట్టుదిట్టం లేదు. అక్కడ ఉటంకించిన పుస్తకం రచయిత మాటకు కొంచెం భిన్నంగా ఉండవచ్చు, పూర్తిగా ఎదురూ కావచ్చు.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. "ఈ శాసనం పన్నెండో శతాబ్దానిది" అన్న వాక్యానికి రెండు రకాల నోట్లు ఉండవచ్చు. నోట్‌లో నేరుగా "A, 45" అని ఉంటే, A కూడా పన్నెండో శతాబ్దమనే అన్నాడని పాఠకుడు అనుకోవచ్చు. "సి.ఎఫ్. A, 45" అని ఉంటే అలా అనుకునే హక్కు లేదు. A పదమూడో శతాబ్దమని ఉండవచ్చు, లేదా అదే లిపి ఉన్న ఇంకో శాసనం గురించి రాసి ఉండవచ్చు. A పుస్తకం తెరవకుండా "A ప్రకారం పన్నెండో శతాబ్దం" అని రాసేస్తే A నోట అనని మాట పెట్టినట్టే. తర్వాత వచ్చేవాళ్లు ఆ కొత్త వ్యాసాన్ని ఉటంకిస్తారు, A పుస్తకం తెరిచేవాళ్లు ఉండరు. ఒక పండితుడి అభిప్రాయం తలకిందులై చలామణి కావడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. అందుకే రాసేవాళ్లు సి.ఎఫ్. తర్వాత ఒక చిన్న వాక్యం చేర్చడం ఎంతో మేలు: "ఈయన పదమూడో శతాబ్దమంటారు" అని చెబితే చాలు, ఎవరూ పొరబడరు.

ఈ రెండక్షరాల బరువు జీవశాస్త్రంలో మరీ స్పష్టంగా కనబడుతుంది. ఒక జంతువునో మొక్కనో, శిలాజాన్నో వర్ణించేటప్పుడు ప్రజాతి పేరుకూ జాతి పేరుకూ మధ్య సి.ఎఫ్. పెడతారు. హోమో సి.ఎఫ్. ఎరెక్టస్ అని ఉంటే, ఈ ఎముక హోమో ప్రజాతిదే, ఎరెక్టస్ జాతిని పోలి ఉంది, కానీ అదేనని ఖాయంగా చెప్పలేమని అర్థం. దవడ విరిగి ఉండవచ్చు, జాతిని గుర్తించడానికి కావాల్సిన భాగం దొరికి ఉండకపోవచ్చు. ఆ శాస్త్రవేత్త తన అనుమానాన్ని దాచకుండా పేరులోనే రాసి పెట్టాడన్నమాట. ఆ తర్వాత ఇంకెవరో వందల నమూనాలతో ఒక పట్టిక తయారుచేస్తూ, పేర్లన్నీ ఒకేలా ఉండాలని సి.ఎఫ్. తీసేస్తే, ఆ అనుమానం అక్కడితో మాయమవుతుంది. ఆ జాతి ఆ ప్రాంతంలో ఉండేదనడానికి ఒక నిశ్చయమైన రుజువు పుట్టుకొస్తుంది. జీవవైవిధ్య సమాచారాన్ని పంచుకోవడానికి వాడే డార్విన్ కోర్ ప్రమాణంలో ఇలాంటి గుర్తుల కోసమే `identificationQualifier` అని ఒక ప్రత్యేకమైన గడి ఉంది. పాత పుస్తకాల నుంచి పేర్లు ఎక్కించేవాళ్లు సి.ఎఫ్.‌ను ఆ గడిలో నింపాలి. దాన్ని ఖాళీగా వదిలేసి జాతి పేరు మాత్రం ఎక్కిస్తే, ఆ నమూనా దొరికిన చోటును మ్యాప్ మీద చూపే చుక్క మిగతా చుక్కల్లాగే కనబడుతుంది.